బొమ్మ స్టయిల్ వేస్తే పగుళ్లు దాగవు: పాత ఫోటోల గురించి అపోహలు, వాస్తవాలు

"ఎలాగూ బొమ్మలా మార్చేస్తాం కదండీ, ఇంక రిపేరు ఎందుకు? డబ్బులు దండగ."

వారానికి ఇద్దరైనా మా స్టూడియోకి వచ్చి ఈ మాట అంటారు. పెళ్లి పత్రిక మీద తాతయ్య, నానమ్మల బొమ్మ వేయించాలని ఉంటుంది. చేతిలో ఉన్నదేమో ఎప్పటిదో బ్లాక్ అండ్ వైట్ ఫోటో. మధ్యలో మడత, అంచుల్లో పురుగు కొట్టిన చిల్లులు, ముఖం మీద పసుపు మచ్చలు. వాటర్ కలర్ స్టయిలో, కార్టూన్ స్టయిలో వేస్తే ఇవన్నీ అందులో కలిసిపోతాయని ఎవరో చెప్పి ఉంటారు.

కలిసిపోవు. పాత ఫోటోషాప్ ఫిల్టరైనా, ఇప్పటి ఏఐ యాప్ అయినా, బొమ్మ గీయడానికి ఎక్కువగా పట్టుకునేది వెలుగు, నీడలు కలిసే గీతలనే. కనురెప్ప ఒక గీత, గడ్డం అంచు ఒక గీత, కాగితం మడత కూడా ఒక గీతే. ఫోటో చూస్తున్నప్పుడు మన కన్ను మడతను మడతగా గుర్తుపట్టి వదిలేస్తుంది. బొమ్మలోకి వచ్చాక అక్కడ కాగితం ఉండదు, అది ముఖంలో భాగమైపోతుంది. పైగా బొమ్మ స్టయిల్ బలమైన గీతను ఇంకా లావు చేసి, సన్నటి వివరాన్ని వదిలేస్తుంది. అంటే పగులు మిగులుతుంది, ముక్కుపుడక పోతుంది.

మొన్న అచ్చం ఇదే జరిగింది. ఒకాయన తన నానమ్మ, తాతయ్యల పెళ్లి ఫోటో తెచ్చారు. అప్పటికే వాళ్ల అన్నయ్య కొడుకు వాట్సాప్‌లో వచ్చిన కాపీని ఏదో యాప్‌లో వేసి బొమ్మ చేశాడు. ఆవిడ చెంప మీదుగా పోయిన మడత కత్తిగాటులా తయారైంది. గడ్డం మీది పసుపు మరక పుట్టుమచ్చ అయింది. కళ్లు పెద్దవై, ముక్కు సన్నబడి, ఎవరో పాతికేళ్ల అమ్మాయిలా ఉంది. ఇంట్లో పెద్దావిడ ఒకరు చూసి "ఇది మా అక్క కాదురా" అని లోపలికి వెళ్లిపోయారట. ఆయన టెన్షన్ పత్రిక గురించి కాదు, ఆవిడ బాధపడ్డారని. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

ముందు అసలు ఫోటోను 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేశాను. ప్రింటు నాలుగంగుళాలు దాటదు, అందులో ఒక్కో ముఖం అరంగుళం. అంటే ముఖానికి 600 పిక్సెళ్లు. వాట్సాప్ కాపీలో అదే ముఖం 190 కూడా రాలేదు. అంత చిన్న ముఖాన్ని "క్లియర్" చేయమంటే యాప్ లేని వివరాన్ని ఊహించి పూరిస్తుంది. ముక్కు మారింది అందుకే.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా నేను కలర్‌లోనే స్కాన్ చేస్తాను. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడు వేరువేరు ఛానెళ్లుగా ఉంటాయి. పసుపు మరక బ్లూ ఛానెల్‌లో నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రెడ్ ఛానెల్‌లో దాదాపు మాయమవుతుంది. రెడ్ ఛానెల్ ఒక్కటే తీసుకుంటే గడ్డం మీది మరకలో ముప్పాతిక భాగం బ్రష్ ముట్టుకోకుండానే పోయింది. గ్రేలో స్కాన్ చేస్తే ఈ సదుపాయం పోతుంది.

తర్వాత మడత. చెంప మీద, చుట్టుపక్కల చర్మంతో కలిపి పూడ్చే హీలింగ్ బ్రష్ సరిపోతుంది. మడత కంటి కొసను తాకిన చోట మాత్రం హీలింగ్ పనికిరాదు, పక్కనున్న నలుపును లాక్కొచ్చి అలుకుతుంది. అక్కడ పక్క భాగాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ స్టాంప్‌తో, చిన్న బ్రష్‌తో చుక్క చుక్కగా పోవాలి. అన్నీ వేరే లేయర్ మీదే. ముఖాన్ని నున్నగా చేసేయాలని చేయి లాగుతుంది, చేయకూడదు. నవ్వుగీత, పెదవి వంపు, కంటిలో వెలుగు చుక్క అరిగిపోతే బొమ్మలో ఆ మనిషి ఉండదు. ముక్కుపుడక రెండు మూడు తెల్ల పిక్సెళ్లుగా మిగిలింది. అది మచ్చా, నగా అని ఫోన్ చేసి అడిగాను. "ఎడమ వైపు బేసరి, ఎప్పుడూ తీసేది కాదు" అన్నారు. దాన్ని కొంచెం వెలిగించాను, లేకపోతే స్టయిల్ మింగేస్తుంది.

ఇక రంగులు. "సాఫ్ట్‌వేర్ అసలు రంగు కనిపెట్టేస్తుంది" అన్నది రెండో అపోహ. గ్రేలో రంగు దాగి ఉండదు. ఒకే గ్రే ఎరుపు కావచ్చు, ఆకుపచ్చ కావచ్చు. దానికి తోడు పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్ర కుంకుమ నల్లగా, నీలం తెల్లగా పడతాయి. ఈ ఫోటోలో చీర అంచు దాదాపు నలుపు. యాప్ దానికి ముదురు నీలం వేసింది. పెళ్లిపీటల మీద తెల్లచీరకు అంత ముదురు అంచు ఉందంటే అవి మధుపర్కాలు, అంచు ఎరుపు. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కు కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. అందుకే రంగులు వేసే ముందు చీర, కండువా, గోడ, ఒంటిరంగు గురించి నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. తెలియదంటే ఆ చోట రంగు పలచగా ఉంచుతాను. చాలామంది దీన్ని పని ఎగ్గొట్టడం అనుకుంటారు, ఏం చేస్తాం.

రంగుల లేయర్‌కు 'కలర్' బ్లెండ్ మోడ్ పెడితే కింది వెలుగునీడలు చెదరవు. ఒళ్లంతా ఒకే రంగు పూయకూడదు. చెంపలు, చెవులు కాస్త ఎర్రగా, నుదురు కాస్త పసుపుగా ఉండాలి. మెడ దగ్గర ఒంటిరంగు జాకెట్టు మీదికి పాకిందేమో 200 శాతం జూమ్‌లో చూడాలి. ఫోటోలో కనబడని ఆ పాకుడు బొమ్మలో గట్టి ముద్ద అవుతుంది.

"గ్రే ఫోటోకే స్టయిల్ వేసి తర్వాత రంగులేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. ఈ ఫోటోలో తాతయ్య కండువా, వెనక గోడ ఒకే గ్రే. గ్రేలోనే వేసి చూస్తే భుజం గోడలో కలిసిపోయింది. గోడకు లేత నీలం వేశాక భుజం గీత దానంతటదే వచ్చింది.

చివరికి స్టయిల్. ఇమేజ్ నుంచి ఇమేజ్ చేసే టూల్‌లో అసలు ఫోటోను ఎంత మార్చాలో చెప్పే డినాయిజింగ్ స్ట్రెంగ్త్‌ను 0.75 దగ్గర వదిలేస్తే కొత్త మనుషులు పుడతారు. నేను 0.35తో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతాను. వచ్చిన బొమ్మను రిపేరు చేసిన ఫోటో మీద సగం ఒపాసిటీతో, కిందిది కనబడేలా పెట్టి కంటి కొసలు, పెదవి గీత ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో చూస్తాను. పడకపోతే మాస్క్ వేసి, అంటే ముఖం భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ఇంకా తక్కువలో మళ్లీ చేస్తాను. ఈ జంటకు బట్టలు 0.5లో, ముఖాలు 0.3లో కుదిరాయి.

మిగతావి గబగబా. తడిగుడ్డతో తుడిస్తే ఫోటో శుభ్రపడదు. పైన ఉన్నది జిలాటిన్ పొర, తడిస్తే ఉబ్బి గుడ్డకు అంటుకుని వస్తుంది. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకొద్దు, అద్దంతో సహా తీసుకురండి, అలాగే స్కాన్ చేస్తాం. ఒకసారి ఒకాయన పీకి తెచ్చారు, తాతగారి నుదురు అద్దానికే ఉండిపోయింది. అద్దం ఇంట్లోనే ఉందంటే పరుగున వెళ్లి తెచ్చారు పాపం. రెంటినీ విడివిడిగా స్కాన్ చేసి కలిపాను.

మధుపర్కాల బొమ్మను ఆ పెద్దావిడకు పంపాక ఒక్క దిద్దుబాటే వచ్చింది: బేసరి రాయి తెలుపు కాదట, ఎరుపట.