ఒక సంఖ్య, దాని వర్గం: సాంద్రత మారే సూత్రం వెనక కథ

1889లో ఫ్రెంచి గణితజ్ఞుడు జోసెఫ్ బెర్ట్రాండ్ సంభావ్యత మీద ఒక పాఠ్యగ్రంథం ప్రచురించాడు. అందులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. 0 నుంచి 100 లోపు ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, అది 50 కంటే పెద్దదయ్యే సంభావ్యత ఎంత? సగం అని ఎవరైనా చెబుతారు. సరే, ఆ సంఖ్య 50 దాటిందంటే దాని వర్గం 2500 దాటిందన్నమాటే. వర్గం 0 నుంచి 10000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అందులో 2500 దాటిన భాగం ముప్పాతిక. మరి జవాబు సగమా, ముప్పాతికా? జరిగిన సంఘటన ఒక్కటే, సంభావ్యతలు మాత్రం రెండు వచ్చాయి.

ఎంచుకోవడానికి అనంతమైన అవకాశాలున్నచోట ప్రశ్నే సరిగా నిర్వచించినట్టు కాదని బెర్ట్రాండ్ తేల్చాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, దాని సంగతి చివర చూద్దాం. మిగతా సగాన్ని మాత్రం ఇవాళ డిగ్రీ విద్యార్థి రెండు వరుసల్లో విప్పేస్తాడు. ఆ రెండు వరుసల్లోనే చలరాశి మార్పిడి పద్ధతి అంతా ఉంది.

X అనే చలరాశి 0 నుంచి 100 వరకు సమంగా పరుచుకుని ఉందనుకుందాం. అంటే యూనిట్ వెడల్పుకు వచ్చే సంభావ్యత, అదే దాని సాంద్రత, అంతటా 1/100. ఇప్పుడు Y = X² అని తీసుకుని రెండు చిన్న ముక్కలు గమనించండి. X 10కీ 11కీ మధ్య ఉంటే Y 100కీ 121కీ మధ్య ఉంటుంది, ముక్క వెడల్పు 21. X 90కీ 91కీ మధ్య ఉంటే Y 8100కీ 8281కీ మధ్య ఉంటుంది, వెడల్పు 181. X వైపు రెండు ముక్కల సంభావ్యతా ఒకటే, నూటికి ఒకటి. Y వైపు మాత్రం ఒక ముక్కలో ఆ ఒకటి 21 యూనిట్ల మీద, రెండో దాంట్లో 181 యూనిట్ల మీద పరుచుకుంది. కాబట్టి Y సాంద్రత మొదటిచోట సుమారు 1/2100, రెండోచోట 1/18100. X సమంగా ఉంటే Y సమంగా ఉండే ప్రసక్తే లేదు. చిన్న విలువల దగ్గర కిక్కిరిసి, పెద్ద విలువల వైపు పలచబడుతుంది. ముక్కల వెడల్పును సున్నాకు చేర్చుకుంటూ పోతే వచ్చే సూత్రం ఇది:

f_Y(y) = f_X(√y) · dx/dy = (1/100) · 1/(2√y) = 1/(200√y)

దీన్ని 2500 నుంచి 10000 వరకు సమాకలనం చేస్తే (1/100)(100 − 50), అంటే సగమే వస్తుంది. Yని కూడా సమంగా పరిచేసినప్పుడు మనకు తెలియకుండానే వేరే Xని తీసుకున్నాం. ముప్పాతిక అక్కణ్నించి వచ్చింది.

ఈ dx/dy అనే గుణకం బెర్ట్రాండ్ నాటికి కొత్తదేమీ కాదు. సమాకలనంలో చలరాశి మార్చినప్పుడు ఇది రావాలన్న సంగతి రెండు చలరాశులకు 1769లోనే ఆయిలర్ రాశాడు. ఎన్ని చలరాశులకైనా వర్తించే నిర్ధారకం మీద యాకోబీ వ్యాసం 1841లో వచ్చింది. సంభావ్యతలో అయితే ఈ గుణకం ఎవరూ పేరు పెట్టకుండానే పనిచేస్తూ ఉండేది. సరళ మార్పిడికి దీని జాడ గాస్ 1809లో రాసిన దోష సూత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది:

(h/√π) · e^(−h²Δ²)

ఇక్కడ Δ కొలతలో వచ్చిన దోషం, h ఆ కొలత ఎంత నిక్కచ్చిదో చెప్పే సంఖ్య. ఘాతంలో h ఎందుకుందో చెప్పనక్కర్లేదు, ముందున్న h మీదే దృష్టి పెట్టాలి. నిక్కచ్చితనం రెట్టింపయితే దోషాలన్నీ సగానికి కుంచించుకుపోతాయి. అదే సంభావ్యత సగం వెడల్పులో ఇమడాలంటే వక్రరేఖ ఎత్తు రెట్టింపు కావాలి. ముందున్న h చేసే పని అదే.

ఇదే విషయాన్ని ఇప్పటి భాషలో రాస్తే, Y = aX + b అయినప్పుడు

f_Y(y) = (1/|a|) · f_X((y − b)/a)

సెల్సియస్ ఉష్ణోగ్రతలను ఫారన్‌హీట్‌లోకి మార్చితే a = 1.8, b = 32. వక్రరేఖ 1.8 రెట్లు వెడల్పవుతుంది, ఎత్తు 1.8తో భాగించినంతకు తగ్గుతుంది. b వల్ల వక్రరేఖ పక్కకు జరుగుతుందే తప్ప ఎత్తు మారదు. పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది a చుట్టూ ఉన్న ఆ రెండు నిలువు గీతల దగ్గరే. a రుణాత్మకమైతే X పెరిగేకొద్దీ Y తగ్గుతుంది. అప్పుడు P(Y ≤ y) అనేది P(X ≥ (y − b)/a) గా తిరగబడుతుంది. విభాజన ప్రమేయం నుంచి మొదలుపెట్టి అవకలనం చేసేవాళ్లకు ఈ తిరగబాటు కళ్లెదుటే కనిపిస్తుంది. సూత్రం బట్టీ పట్టినవాళ్లకు సాంద్రత రుణాత్మకంగా వచ్చాక తెలుస్తుంది. అందుకే మొదట్లో విభాజన ప్రమేయం దారే మంచిదని నా అభిప్రాయం. ఒక వరుస ఎక్కువ రాయాల్సి వస్తుంది, అంతే.

వర్గం దగ్గర ఆ వరుస ఇంకా అక్కరకొస్తుంది. బెర్ట్రాండ్ సంఖ్య ధనాత్మకం కాబట్టి ఒక y వెనక ఒకే x ఉంది. కొలతల్లో దోషాలు అలా ఉండవు, సున్నాకు రెండు పక్కలా ఉంటాయి. 19వ శతాబ్దంలో ఈ ప్రశ్నను ముందుకు తోసింది దోషాల వర్గాలే. గాస్ కనిష్ఠ వర్గాల పద్ధతిలో చూసేది దోషాల వర్గాల మొత్తాన్ని. మరి దోషాలు యాదృచ్ఛికమైతే ఆ మొత్తం ఎలా పరుచుకుంటుంది? 1863లో ఎర్నెస్ట్ అబ్బే దీనికి జవాబు కట్టాడు. ఆయన తర్వాత సూక్ష్మదర్శినుల కటకాలతో పేరు పొందాడు. 1870ల్లో జర్మన్ భూమాపన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెల్మర్ట్ అదే జవాబుకు వేరుగా చేరాడు. 1900లో కార్ల్ పియర్సన్ మళ్లీ అక్కడికే వచ్చి, దానికి కై-స్క్వేర్ అన్న గుర్తు తగిలించి, దత్తాంశాలు ఒక సిద్ధాంతానికి సరిపోతున్నాయో లేదో చూసే పరీక్షగా మలిచాడు. పేరు ఆయన పెట్టిందే నిలిచింది.

ఆ మొత్తంలో ఒక్క పదాన్నే తీసుకుని చూద్దాం. X సగటు 0, విస్తృతి 1 ఉన్న నార్మల్ చలరాశి, Y = X². y ధనాత్మకమైనప్పుడు, Y ≤ y కావాలంటే X −√y నుంచి √y లోపు ఉండాలి. X విభాజన ప్రమేయాన్ని F అంటే, P(Y ≤ y) = F(√y) − F(−√y). దీన్ని yతో అవకలనం చేస్తే రెండు పదాలు వస్తాయి. రెండో దాంట్లో రెండు రుణ గుర్తులు కలిసి కూడికవుతుంది:

f_Y(y) = (1/(2√y)) · [f_X(√y) + f_X(−√y)]

నార్మల్ వక్రరేఖ సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి బ్రాకెట్లో రెండూ సమానం. చివరికి f_Y(y) = e^(−y/2) / √(2πy). ఇదే ఒక స్వేచ్ఛాంశం ఉన్న కై-స్క్వేర్.

తప్పు జరిగిందో లేదో పట్టుకోవడానికి మొత్తం వైశాల్యం చూస్తే చాలు. ఒక్క మూలాన్నే లెక్కించి వదిలేస్తే వైశాల్యం 1/2 వస్తుంది. రెండు మూలాలూ తీసుకుని 1/(2√y) మరిచిపోతే సుమారు 1.6 వస్తుంది. రెండూ మరిచిపోతే 0.8 వస్తుంది. ఒకటికి దగ్గరగా ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు.

y సున్నా వైపు వెళ్తుంటే ఈ సాంద్రత హద్దు లేకుండా పెరగడం చూసి కంగారు పడేవాళ్లుంటారు. అక్కడ తప్పేమీ లేదు. y = 0.01 దగ్గర సాంద్రత దాదాపు 4, కానీ Y 0.01 లోపు ఉండే సంభావ్యత 0.08 మాత్రమే. ఎందుకంటే అది X −0.1 నుంచి 0.1 లోపు ఉండే సంభావ్యతే. సాంద్రత సంభావ్యత కాదు, యూనిట్ వెడల్పుకు ఎంత సంభావ్యత అన్న లెక్క. అది ఎంతైనా ఉండొచ్చు.

సౌష్ఠవం ఉన్న ఉదాహరణలతోనే చెయ్యి తిరిగితే ఒక దురలవాటు అబ్బుతుంది. వర్గం అనగానే రెండుతో గుణించేయడం. X −1 నుంచి 2 వరకు సమంగా ఉందనుకోండి, సాంద్రత 1/3. Y 0కీ 1కీ మధ్య ఉన్నప్పుడు వెనక రెండు xలు ఉన్నాయి, కాబట్టి f_Y(y) = 1/(3√y). 1కీ 4కీ మధ్య ధన మూలం ఒక్కటే, ఎందుకంటే −1 కంటే కిందికి X పోదు. అక్కడ f_Y(y) = 1/(6√y). y = 1 దగ్గర సాంద్రత ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. వైశాల్యాలు 2/3, 1/3, మొత్తం 1. రెట్టింపు సూత్రాన్నే 4 దాకా లాగితే 4/3 వస్తుంది. లెక్క మొదలుపెట్టేముందు y = x² పరావలయం గీసి, ప్రతి y ఎత్తులో అడ్డగీత ఎన్నిచోట్ల కోస్తుందో చూసుకుంటే ఈ బెడద ఉండదు.

ఈ గుణకం వల్ల వచ్చే ఇంకో సంగతి భౌతికశాస్త్రం చదివినవాళ్లను కూడా తికమక పెడుతుంది. 1860లో మాక్స్‌వెల్ వాయు అణువుల వేగాల విభాజనం ఇచ్చాడు. వేగం v, అణువు ద్రవ్యరాశి m, ఉష్ణోగ్రత T, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం k అయితే సాంద్రత v²·e^(−mv²/2kT)కి అనుపాతంలో ఉంటుంది. దాని శిఖరం v = √(2kT/m) దగ్గర. ఆ వేగంతో వెళ్లే అణువు గతిశక్తి kT. అయితే అన్నిటికంటే ఎక్కువ సాంద్రత ఉన్న గతిశక్తి కూడా kTయే కావాలి కదా? కాదు, kT/2. గతిశక్తి E = mv²/2, అంటే వేగం వర్గానికి సరళ గుణింతం. సాంద్రతను vనుంచి Eకి మార్చితే dv/dE = 1/(mv)తో గుణించాలి, దాంతో v² కాస్తా v అవుతుంది. సాంద్రత √E·e^(−E/kT)కి అనుపాతమై శిఖరం kT/2కి జరుగుతుంది. మధ్యగతానికి ఈ ఇబ్బంది లేదు. సగం అణువులు ఏ వేగానికి లోపు ఉన్నాయో, ఆ వేగపు గతిశక్తికి లోపే అవి ఉంటాయి. శిఖరం మాత్రం మనం ఎంచుకున్న కొలబద్దను బట్టి కదులుతుంది. అందుకే “అన్నిటికంటే సంభావ్యమైన విలువ” అని ఎవరైనా అంటే, ఏ చలరాశిలో అని అడగాలి.

ఇక బెర్ట్రాండ్ మిగిల్చిన సగం. X సమంగా ఉంటే Y ఎలా ఉంటుందో సూత్రం చెబుతుంది. అసలు ఏది సమంగా ఉందో చెప్పదు. ఏమీ తెలియని పరామితికి సమ విభాజనం ఇచ్చేసే లాప్లాస్ నాటి అలవాటు మీద బ్రిటిష్ గణాంకవేత్త ఫిషర్ 1920ల్లో విరుచుకుపడింది ఇందుకే. ప్రామాణిక విచలనం σను సమంగా పరచాలా, విస్తృతి σ²ను సమంగా పరచాలా? రెండూ ఒకేసారి కుదరవు, ఒక్కోదానికి ఒక్కో జవాబు వస్తుంది.

బ్రిటిష్ గణితజ్ఞుడు హెరాల్డ్ జెఫ్రీస్ ఇక్కడ గుణకంతో పోట్లాడటం మానేసి దాన్నే వాడుకున్నాడు. σకు 1/σకి అనుపాతంలో ఉండే సాంద్రత తీసుకుందాం. v = σ² అనుకుంటే σ = √v, గుణకం 1/(2√v). రెండూ గుణిస్తే (1/√v)·(1/(2√v)) = 1/(2v). రూపం మళ్లీ అదే, 1/v. ఘనం చేసినా, σను ఏ యూనిట్లలో కొలిచినా ఇది ఇలాగే వస్తుంది. 1946లో ఆయన దీన్ని ఏ పరామితికైనా పనికొచ్చేలా విస్తరించాడు. దత్తాంశాలు పరామితి గురించి ఎంత చెబుతాయో కొలిచే ఫిషర్ సమాచార రాశి వర్గమూలాన్ని సాంద్రతగా తీసుకున్నాడు, చలరాశి మారినప్పుడు అది సరిగ్గా ఈ అవకలన గుణకాన్నే తనతో తెచ్చుకుంటుంది. తిరకాసు ఏమిటంటే, 1/σను 0 నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే వైశాల్యం అనంతం. పైన తప్పులు పట్టుకోవడానికి వాడిన వైశాల్యం పరీక్ష దీనికి పనిచేయదు. దత్తాంశాలతో కలిపాక వైశాల్యం పరిమితమవుతుందో లేదో ప్రతి సమస్యలోనూ విడిగా చూసుకోవాల్సిందే.