ఎల్ఎల్ఆర్ దరఖాస్తు: అన్నింటికీ ‘నో’ కొట్టేస్తే చాలా?

విశాఖ గాజువాకలో డ్రైవింగ్ నేర్పుతాను. క్లచ్ కన్నా ముందు నేను సరిచేసేది కుర్రాళ్ల ఎల్ఎల్ఆర్ ఫారాలే.

అపోహ: ఆరోగ్యం ప్రశ్నలన్నింటికీ ‘నో’ పెట్టాలి.

sarathi.parivahan.gov.in లో దరఖాస్తుతో పాటు ఫారం 1 నింపాలి. మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే డిక్లరేషన్ అది. మూర్ఛ ఉందా, రేచీకటి ఉందా, కాలూచేతుల్లో లోపముందా అని అడుగుతుంది. ఏ జబ్బూ లేనివాళ్లు వరసగా ‘నో’ కొట్టుకుంటూ పోతారు. మధ్యలో తిరగబడి ఉండే ప్రశ్న కూడా వస్తుంది: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు ఒక్కో కంటితో చదవగలరా అని. దానికి ‘నో’ అంటే చూపు ఆనదని ఒప్పుకున్నట్టే.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి మద్దిలపాలెంలో రూములో ఉంటున్న కుర్రాడొకడు అక్కడే ‘నో’ పెట్టాడు. “కళ్లజోడుంది కదా సార్” అన్నాడు. కళ్లజోడు పెట్టుకునే చదవొచ్చని ఆ ప్రశ్నలోనే ఉంది! వీధిలోకి తీసుకెళ్లి, ఆగి ఉన్న ఆటో నుంచి పాతిక మీటర్లు వచ్చేలా ముప్పై అయిదు అంగలు వేసి నిలబెట్టాను. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి నంబరు గడగడా చదివేశాడు. అతని జవాబు ‘ఎస్’.

అలాగని ఉన్న జబ్బు దాచకండి. ఫిట్స్ ఉండి ‘నో’ పెడితే, తప్పుడు సమాచారంతో తీసుకున్నారని లైసెన్సు రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ఇస్తుంది. నలభై దాటినవాళ్లకి ఈ డిక్లరేషన్ ఒక్కటే చాలదు. రిజిస్టర్డ్ డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కూడా జతచేయాలి.

అపోహ: ఆధార్‌లో ఊరి అడ్రసుంటే సొంతూరి ఆర్టీవో ఆఫీసుకే వెళ్లాలి.

2019 చట్ట సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ ఆర్టీవో ఆఫీసులోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన కుర్రాడు విశాఖలోనే పెట్టాడు. అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఆధార్ ఓటీపీతో దరఖాస్తు చేస్తే పేరు ఆధార్‌లో ఉన్నట్టే దిగుతుంది, మార్చడానికి వీలుండదు. ఆధార్ లేని దారిలో పేరు మనమే టైపు చేసి కాగితాలు అప్‌లోడ్ చేస్తాం, ఒరిజినల్స్ ఆఫీసులో చూపిస్తాం. తొందరేముంది, ముందు ఆధార్ సరిచేయించమన్నాను. ఎల్ఎల్ఆర్ మీద పడిన పేరే రేపు అసలు లైసెన్సు మీదికీ వస్తుంది.

అపోహ: ఎల్ఎల్ఆర్ టెస్టు స్లాట్ తప్పితే అంతా మొదటికే.

కాదు. అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి మళ్లీ బుక్ చేసుకోవచ్చు. ఆ నంబరు నెట్ సెంటరువాళ్ల ఫోన్‌కి కాకుండా మీ ఫోన్‌కి వచ్చేలా చూసుకోండి.