గుడ్లు కాపాడితే చాలదని 1987లోనే తేలింది

తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చే కాలం వచ్చింది, పాత వాదనా వెంటే వచ్చింది. ఆలివ్ రిడ్లీ తాబేలు కళేబరం ఇసుకలో పడి ఉన్న ఫొటో ఒకటి, అటవీ శాఖ హ్యాచరీ నుంచి వదిలిన పిల్లలు అలల వైపు పరుగెడుతున్న వీడియో ఒకటి. మొదటిది చూసి ఒకరు ట్రాలర్లను తిడతారు. రెండోది చూసి ఇంకొకరు ఇంతగా కాపాడుతున్నాం కదా అంటారు. తాబేళ్లు వలల్లో చావకుండా చూడటం లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసిన సంగతి కూడా మళ్లీ బయటికొస్తుంది. రొయ్యల ఎగుమతి చరిత్ర, తాబేళ్ల చట్టాల చరిత్ర అందరికీ తెలిసినవే. ఈ గొడవంతా అర్థం కావాలంటే అమెరికాలో 1987లో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం దగ్గరికి వెళ్లాలి. అందులో ఉన్నది ఏడు వరుసల అంకెల పట్టిక, అంటే మాత్రిక ఒకటి, తాబేళ్ల సంఖ్య చివరికి ఏటా ఎన్ని రెట్లవుతుందో చెప్పే దాని ఐగెన్ విలువ ఒకటి.

అప్పటిదాకా అక్కడా మనలాగే ఒడ్డు మీదే దృష్టి. గూళ్లకు కంచె కట్టడం, గుడ్లు తవ్వుకుపోయే జంతువులను ఆపడం, గుడ్లను హ్యాచరీకి తరలించడం. గుడ్లు కంటికి కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు, కాపాడినట్టు చూపించుకోవచ్చు కూడా. ఆ పద్ధతిని డెబోరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు లెక్కతో పరీక్షించారు. వాళ్లు తీసుకున్నది లాగర్‌హెడ్ తాబేలు. దాని జీవితాన్ని ఏడు దశలుగా విడగొట్టారు. మొదటి ఏడాది గుడ్డు, పిల్ల. తర్వాత చిన్న తాబేలు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల దాకా పెద్ద పిల్ల తాబేలు. ఆపైన యవ్వనం. ఇరవై రెండో ఏట మొదటిసారి గుడ్లు. చివరి రెండు దశలూ పెద్ద తాబేళ్లవే.

ఒక్కో దశలో ఎన్ని తాబేళ్లున్నాయన్న ఈ ఏటి లెక్కను x(t) అనుకుంటే వచ్చే ఏటిది x(t+1) = A x(t). ఏ దశలో ఎన్ని బతుకుతాయి, ఎన్ని పై దశకు వెళ్తాయి, ఎన్ని గుడ్లు పెడతాయి అన్నదంతా A అనే ఆ మాత్రికలో ఉంటుంది. ఏటేటా అదే A తో గుణిస్తూ పోతే మొదట్లో దశల మధ్య నిష్పత్తి అటూ ఇటూ ఊగుతుంది. కొన్నేళ్లకు పరిమాణంలో అన్నిటికంటే పెద్ద ఐగెన్ విలువ ఒక్కటే మిగతావాటిని మింగేస్తుంది. అది 1 కంటే తక్కువైతే ఎక్కడ మొదలుపెట్టినా లెక్క సున్నాకే చేరుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లు దీన్ని స్థిరమైన వ్యవస్థ అంటారు, సంతోషిస్తారు కూడా. ఇక్కడ ఆ స్థిరత్వం పేరు అంతరించిపోవడం.

వాళ్లకు వచ్చిన విలువ 0.945. అంటే ఏటా అయిదున్నర శాతం తరుగుదల, సుమారు పన్నెండేళ్లకు సగం. మలుపు ఈ అంకెలో లేదు. ఆ తర్వాత వాళ్లు మాత్రికలోని ఒక్కో గడిని మార్చి చూసిన చోట ఉంది.

మొదటి దశ బతికే రేటు 0.6747. దాన్ని 1 చేద్దాం. ఒక్క గుడ్డు కూడా పాడవకుండా, ఒక్క పిల్లను కూడా పక్షి ఎత్తుకుపోకుండా చూసుకున్నాం అనుకుందాం. ఏ హ్యాచరీకీ ఇది సాధ్యం కాదు, అయినా అనుకుందాం. లెక్క మళ్లీ చేస్తే ఐగెన్ విలువ 0.965 దగ్గర ఆగుతుంది. ఇంకా 1 కిందే. సగం కావడానికి పన్నెండేళ్ల బదులు పంతొమ్మిది, ఇరవై ఏళ్లు పడుతుంది, అంతే.

ఇప్పుడు మూడో దశ, పెద్ద పిల్ల తాబేళ్లు. అక్కడ ఏడాది బతికే రేటు 0.6758. వెయ్యి ఉంటే ఏడాదిలో దాదాపు 661 అదే దశలో మిగులుతాయి, 15 మాత్రం పై దశకు వెళ్తాయి, మిగతావి చస్తాయి. ఈ రేటును 0.77 చేసి చూడండి. అదే దశలో 738 మిగులుతాయి, పైకి వెళ్లేవి 32. రేటు పెరిగింది పద్నాలుగు శాతమే కానీ ఆ దశ దాటేవి రెట్టింపు దాటాయి. కారణం, ఆ దశలో ఎనిమిదేళ్లు గడపాలి. ప్రతి ఏటి చిన్న మెరుగుదలా ముందు ఏటి దానితో గుణించుకుంటూ పోతుంది. గుడ్డు దశ ఒక్క ఏడాదే, అక్కడ అలా పేరుకునేది లేదు. మార్చిన A కి ఐగెన్ విలువ 1 కి వెంట్రుకవాసి పైన వస్తుంది. మిగతా ఏ గడినీ ముట్టుకోలేదు.

ఆ దశ తాబేళ్లు చచ్చేది ఎక్కడ? రొయ్యల ట్రాలర్ల వలల్లో. ఊపిరికి పైకి రావాల్సిన జంతువు వల సంచిలో చిక్కి మునిగిపోతుంది. 1990లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అక్కడి ట్రాలర్ల వలల్లో ఏటా 5,000 నుంచి 50,000 లాగర్‌హెడ్లు చస్తున్నాయని అంచనా వేసింది. అందుకే టెడ్, అంటే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్. వల గొంతులో బిగించే కడ్డీల చట్రం ఇది. రొయ్య సందుల్లోంచి వెనక్కి వెళ్తుంది, తాబేలు కడ్డీలకు తగిలి పక్కనున్న తలుపు గుండా బయటపడుతుంది.

మత్స్యకారుల వైపు మాటా ఉంది. తలుపులోంచి రొయ్య కూడా జారిపోతుందనీ, చెత్త అడ్డుపడితే ఆ లాగు వృథా అనీ, డీజిల్ ఖర్చు ఎవరిస్తారనీ అంటారు. 1989లో టెక్సస్ రొయ్యల పడవలు ఇదే కోపంతో ఓడరేవు దారులు మూసేశాయి. ఆ ఏడాదే అమెరికా చట్టంలోకి సెక్షన్ 609 వచ్చింది, టెడ్ లేకుండా పట్టిన రొయ్య కొనం అని. 1996లో అది మనదాకా వచ్చింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో అప్పీలు తీర్పు, అమెరికా ఆ చట్టాన్ని దేశానికో తీరుగా, వివక్షతో అమలుచేసిందని తప్పుపట్టింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని మాత్రం కాదనలేదు. ఇక్కడ ఆ తీర్పులో గెలుపు ముక్కనే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

ఆ 0.945కు హద్దులున్నాయి. A ఏటేటా మారదని లెక్క అనుకుంటుంది. తుపాను ఏడాది, మంచి ఏడాది తేడా అందులో లేదు. లాగర్‌హెడ్ మాత్రికను తెచ్చి రిడ్లీకి అంటిస్తే తప్పు లెక్కే వస్తుంది. ఇంకో చిక్కు కాలానిది. పిల్ల పుట్టి గుడ్లకు రావడానికి ఇరవై ఏళ్లు పడితే, ఈ ఏటి గూళ్ల సంఖ్య చెప్పేది ఇరవై ఏళ్ల కిందటి సంగతి. గూళ్లు పెరిగాయన్న వార్త, A ఈ మధ్యే పాడైతే ఆ సంగతి చెప్పదు.

మన తీరంలో వలల్లో పడేవి ఎక్కువగా గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి చేరిన పెద్ద రిడ్లీలు. అంటే మన మాత్రికలో దెబ్బ తగులుతున్నది కింది గడికి, పెద్దల బతుకు రేటుకు. అవి ఇక్కడికొచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న.