రాజీ కాగితానికి డిక్రీ బలం ఎలా వచ్చింది?

చిన్న సివిల్ తగాదాలకు కోర్టు మేలా, మధ్యవర్తిత్వం మేలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2025 జూలై 1 నుంచి 90 రోజుల పాటు దేశమంతటా కోర్టుల్లో మధ్యవర్తిత్వ ప్రచారం సాగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, అక్టోబరులో, సుప్రీంకోర్టు ముందుకు మరో లెక్క వచ్చింది. దేశవ్యాప్తంగా డిక్రీ, అంటే కోర్టు తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వు, చేతికొచ్చాక అమలు కోసం వేసిన పిటిషన్లు 8.82 లక్షలు పెండింగులో ఉన్నాయి. అంటే వీళ్లంతా కేసు గెలిచినవారే. గెలిచిన సొమ్ము, గెలిచిన స్థలం ఇంకా చేతికి రాలేదు. ఈ లెక్క చూపి 'అందుకే రాజీ పడండి' అని ఒక పక్షం అంటోంది. 'రాజీ కాగితాన్ని అమలు చేసేది మాత్రం ఎవరు?' అని రెండో పక్షం అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు 2011 నాటి ఒక తీర్పులో ఉంది.

ముందుగా ఒక మాట. తెలుగులో మధ్యవర్తిత్వం అనే పదాన్ని రెండింటికీ వాడేస్తున్నాం. ఇరుపక్షాలు విని తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్ విధానం వేరు. ఎవరూ తీర్పు చెప్పకుండా, ఇద్దరూ ఒప్పుకున్నదే రాసుకునే విధానం వేరు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఈ రెండోదాని గురించే. లోక్ అదాలత్ కూడా ఈ కోవలోకే వస్తుంది. అక్కడి బెంచి ఒప్పందాన్ని నమోదు చేయాలే తప్ప తానుగా తీర్పు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది.

గ్రామ పంచాయితీల కాలం నుంచి చెప్పుకొచ్చే పాత చరిత్ర అందరికీ తెలిసిందే. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోని 21వ సెక్షన్ దగ్గర మాత్రం ఆగాలి. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీని నమోదు చేసిన ఉత్తర్వును అవార్డు అంటారు. ఆ అవార్డును సివిల్ కోర్టు డిక్రీగా భావించాలని, దానిపై అప్పీలు ఉండదని ఆ సెక్షన్ చెబుతుంది. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇవ్వాలనీ చెబుతుంది. పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్నా, ఊళ్లలో చాలాకాలం ఆ అవార్డును పెద్దమనుషుల కాగితంలాగే చూశారు. కొన్ని కింది కోర్టులు కూడా అలాగే చూశాయి.

కేరళలోని ఎర్నాకుళంలో ఆరు వేల రూపాయల చెక్కు ఒకటి చెల్లలేదు. మేజిస్ట్రేట్ ఆ కేసును లోక్ అదాలత్‌కు పంపారు. బాకీదారు వాయిదాల్లో కడతానని ఒప్పుకున్నాడు, అవార్డు రాశారు, ఆ తర్వాత అతను కట్టలేదు. బాకీ రావలసిన మనిషి ఆ అవార్డుతో అమలు పిటిషన్ వేస్తే మున్సిఫ్ కోర్టు కొట్టేసింది. కేసు వచ్చింది క్రిమినల్ కోర్టు నుంచి కాబట్టి దీన్ని సివిల్ డిక్రీగా చూడలేమన్నది. హైకోర్టూ అదే మాట అంది. ఆరు వేల రూపాయల కోసం ఆయన ఢిల్లీ దాకా వెళ్లారు. 2011 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కేసు ఏ కోర్టు నుంచి వచ్చినా, ఏ ట్రిబ్యునల్ నుంచి వచ్చినా లోక్ అదాలత్ అవార్డు సివిల్ డిక్రీతో సమానమేనని, అమలు చేయాల్సిందేనని తేల్చింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. కోర్టులో ఉన్న దావాను రాజీ మార్గాలకు పంపే 89వ సెక్షన్ 2002లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అమల్లోకి రావడం గురించీ, ఆ సెక్షన్‌లో రెండు నిర్వచనాలు తారుమారయ్యాయని 2010లో సుప్రీంకోర్టు ఎత్తిచూపడం గురించీ న్యాయవాదులు ఎక్కువగా చెబుతారు. అవి దావా వేసినవారికి ముఖ్యం. దావా వేసే స్తోమతే లేక చిన్న బాకీలు రావలసినవారికి, చిన్న వ్యాపారులకు ఊపిరి పోసింది మాత్రం ఆ ఆరు వేల రూపాయల తీర్పు.

దాని అర్థం తెలియాలంటే ఒక ఉదాహరణ చూడాలి. ఒక మహిళ 2022 జూన్ 10న ప్రామిసరీ నోటు మీద తెలిసినవారికి లక్షన్నర చేబదులు ఇచ్చారనుకుందాం. వడ్డీ నూటికి రెండు రూపాయలు. 2025 ఏప్రిల్ నాటికి 34 నెలల వడ్డీ లక్షా రెండు వేలు, అసలుతో కలిపి రెండు లక్షల యాభై రెండు వేలు. కోర్టుకు వెళితే ముందు లాయరు నోటీసు, తర్వాత దావా విలువను బట్టి కోర్టు ఫీజు, సమన్లు. ప్రతివాది జవాబు దాఖలుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, 90 రోజుల దాకా పొడిగించవచ్చు. సంతకం నాది కాదంటే నోటు రాసిన లేఖరినీ, సాక్షి సంతకం చేసిన మనిషినీ బోనెక్కించాలి. ఒక్కో వాయిదాకూ ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతాయి. ఇంతా చేసి గెలిచినా, ఇది వ్యాపారపు అప్పు కాదు కాబట్టి డిక్రీ తర్వాతి కాలానికి అసలు మీద ఏటా 6 శాతానికి మించి వడ్డీ రాదు.

డిక్రీ వచ్చాక మళ్లీ ఇ.పి. అంటే అమలు పిటిషన్. బాకీదారు ఉద్యోగి అయితే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు వదిలి మిగిలిన భాగాన్నే జప్తు చేయగలరు. కూలీ అయితే కూలి డబ్బును ముట్టుకోకూడదు. రైతు అయితే అతను కాపురముండే ఇంటికీ, సేద్యపు పనిముట్లకూ జప్తు నుంచి రక్షణ ఉంది. ఈ లోపు అతను ఐపీ పెడితే కథ ఇంకో కోర్టుకు మళ్లుతుంది. 'డిక్రీ వచ్చాకే భారతీయ కక్షిదారు కష్టాలు మొదలవుతాయి' అనే అర్థంలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వ్యాఖ్యానించి నూట యాభై ఏళ్లు దాటింది. 2021లో సుప్రీంకోర్టు ఇ.పి.లను ఆరు నెలల్లో తేల్చమంది. అయినా మిగిలినవే పైన చెప్పిన 8.82 లక్షలు.

అదే మహిళ దావా వేయకుండా మండల న్యాయ సేవల కమిటీకో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు. ఫీజు లేదు. కోర్టుకు ఎక్కని కేసుగా దాన్ని నమోదు చేసి ఎదుటి పక్షానికి నోటీసు పంపుతారు. ఇద్దరూ కూర్చుని లక్షా తొంభై వేలకు, నెలకు 19 వేల చొప్పున పది వాయిదాలకు ఒప్పుకున్నారనుకుందాం. ఆమె అరవై రెండు వేల వడ్డీ వదులుకుంది. బదులుగా సాక్ష్యం, విచారణ, అప్పీలు అనే మూడు మజిలీలు తప్పాయి. నాలుగో వాయిదా ఆగితే కొత్త దావా అక్కర్లేదు, అవార్డుతో నేరుగా ఇ.పి. వేయవచ్చు. అమలుకు పన్నెండేళ్ల గడువు ఉంటుంది.

అయితే ఆ ఇ.పి. కూడా అదే వరుసలో నిలబడుతుంది. అవార్డు తప్పించేది విచారణను, అమలును కాదు. ఈ తేడాను ప్రచార సభల్లో ఎవరూ విడమర్చి చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చెడేది కూడా ఎక్కువగా రెండు చోట్లే. మొదటిది గడువు. నోటు తేదీ నుంచి మూడేళ్లలో దావా పడాలి. పై ఉదాహరణలో 2025 జూన్ 10తో అది తీరిపోతుంది. పెద్దమనుషుల దగ్గర కూర్చున్న రోజులను ఆ లెక్కలోంచి ఎవరూ మినహాయించరు. ఏప్రిల్‌లో మొదలైన మాటలు 'వచ్చే నెల చూద్దాం' అంటూ జూన్ దాటితే ఆమె చేతిలో మిగిలేది చెల్లని కాగితం. అందుకే అనుభవం ఉన్నవారు మాటలకు కూర్చునే ముందే ఎంతో కొంత కట్టించి, నోటు వెనుక బాకీదారు చేత చెల్లు రాయించి సంతకం తీసుకుంటారు. గడువులోగా పడిన ఆ చెల్లు తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి.

రెండోది రాత. అమలు చేసే కోర్టు డిక్రీలో ఉన్నదే చేస్తుంది, దాని వెనక్కి వెళ్లి ఎవరి మనసులో ఏముందో వెతకదు. 'పంట చేతికి రాగానే ఇస్తాను' అని రాస్తే ఏ పంట, ఎంత, ఎప్పుడు అన్న దగ్గరే పిటిషన్ ఆగిపోతుంది. మొత్తం, తేదీలు, కట్టే విధానం ఉండాలి. ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా ఒకేసారి వడ్డీతో కట్టాలన్న షరతు ఉండాలి. స్థలం తగాదా అయితే సర్వే నంబరు, నాలుగు హద్దులు, కొలతలు ఉండాలి. రద్దీగా సాగే లోక్ అదాలత్ రోజున ఈ నాలుగు వాక్యాలు రాయించుకోవడానికి పట్టుబట్టాల్సి వస్తుంది. పట్టుబట్టాలి.

న్యాయవాదుల అభ్యంతరం కూడా ఉంది. అప్పీలు లేని కాగితం మీద చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయిస్తే దిక్కెవరని వారు అడుగుతారు. అవార్డు మోసంతో వచ్చిందన్నా దాన్ని కింది కోర్టులో దావా వేసి సవాలు చేయడానికి వీల్లేదని, హైకోర్టులో రిట్ ఒక్కటే మార్గమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు నేల మీది భూమి తగాదాలోనే ఆ తీర్పు వచ్చింది. భూముల విషయంలో ఈ భయం నిజమైనదే. లక్షన్నర బాకీ విషయంలో మాత్రం అప్పీలు లేకపోవడం వల్ల ఎక్కువగా లాభపడేది రావలసినవారే.

ఇక 2023 మధ్యవర్తిత్వ చట్టం. 2021 నాటి బిల్లులో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అన్నారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం అభ్యంతరం చెప్పాక చట్టంలో దాన్ని స్వచ్ఛందం చేశారు. 120 రోజుల్లో ముగించాలని, కావాలంటే మరో 60 రోజులు పొడిగించుకోవచ్చని గడువు పెట్టారు. ప్రైవేటు మధ్యవర్తి దగ్గర కుదిరిన ఒప్పందానికి కూడా డిక్రీతో సమానమైన అమలు బలం ఇచ్చేది ఇందులోని 27వ సెక్షన్. 2023 అక్టోబరు 9న కేంద్రం కొన్ని సెక్షన్లను అమల్లోకి తెస్తూ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ 27 లేదు. ఉన్నవి ఎక్కువగా మధ్యవర్తిత్వ మండలి ఏర్పాటుకు, పాలనాపరమైన విషయాలకు సంబంధించినవి. మండలికి ముందు తలుపు తెరిచి, కక్షిదారుకు అవసరమైన తలుపును ఆపి ఉంచారు.

ఆ చట్టంలోనే కమ్యూనిటీ మధ్యవర్తిత్వం అనే అధ్యాయం ఉంది. ఊరి శాంతికి భంగం కలిగించే తగాదాలను ముగ్గురు మధ్యవర్తుల సమక్షంలో తీర్చుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. అక్కడ కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీలా అమలు కాదని కూడా అదే అధ్యాయం చెబుతుంది. రచ్చబండ దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న రాజీకి పాత చట్టంలో లేని బలం కొత్త చట్టమూ ఇవ్వలేదు. ఎదుటివాడు మాట తప్పితే ఆ కాగితం పట్టుకుని మళ్లీ మొదటి నుంచి దావా వేయాల్సిందే. అదే రాజీని ఇద్దరూ కలిసి లోక్ అదాలత్ బెంచి ముందుకు తీసుకెళ్లి అవార్డుగా రాయించుకుంటే, ఖర్చు లేకుండానే అది డిక్రీ అవుతుంది.