వాచీ తీసిన చోట తెల్లచార

ఒక స్నేహితురాలు కొత్త ఉంగరం పెట్టుకుని చేతికి క్లోజప్ ఫోటో తీయించుకుంది. వాచీ అడ్డంగా ఉంటుందని తీసి పక్కన పెట్టింది. ఫోటో చూస్తే కన్ను ఉంగరం మీదికి పోవడం లేదు. ముందు మణికట్టు మీది తెల్లటి చారే కనిపిస్తోంది. ఆ చార తీసేయమని ఫైలు నాకు పంపింది.

చిన్న పని అనుకుని ఫోటోషాప్‌లో ముందు నలుపు పెంచే బ్రష్ పట్టుకున్నాను. చార ముదిరింది, కానీ బూడిద రాసుకున్న చెయ్యిలా తయారైంది. దాన్ని రద్దు చేసి, పక్క చర్మాన్ని తెచ్చి అతికించే బ్రష్‌తో రుద్దాను. ఈసారి రంగు కొంత దగ్గరకొచ్చింది గానీ మణికట్టు మీది సన్నగీతలు, నూగు, రంధ్రాలు అన్నీ పోయి ఆ పట్టీ మేర చర్మం ప్లాస్టిక్‌లా నునుపైపోయింది. ఈ రెండు తప్పులూ ఎందుకు జరుగుతాయో అర్థమైతే సరైన దారి దానంతటదే కనిపిస్తుంది. అందుకే ముందు చర్మం దగ్గరికి వెళ్దాం.

ఎండకు చర్మం కమలడం అంటే పై పొరలో మెలనిన్ పెరగడం. పై పొర అడుగున ఉండే కణాలు ఆ రంగు పదార్థాన్ని తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. వాచీ పట్టీ కింద ఎండ పడదు కాబట్టి అక్కడ ఆ పని తక్కువగా జరుగుతుంది. అంటే చార మీద తెల్లరంగేమీ వచ్చి చేరలేదు. చుట్టూ ఉన్న చర్మం మీద పరుచుకున్న పలచటి గోధుమరంగు గాజుపొర లాంటిది అక్కడ పలచగా ఉంది, అంతే.

చర్మం మీద పడిన వెలుగులో చాలా భాగం లోపలికి వెళ్తుంది. కింది పొరల్లో అటూ ఇటూ చెదిరి మళ్ళీ బయటికి వస్తుంది. వెళ్ళేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి మెలనిన్ పొరను దాటాలి. మెలనిన్ అన్ని రంగుల్నీ ఒకే లెక్కన మింగదు. నీలాన్ని ఎక్కువగా, ఆకుపచ్చను అంతకంటే తక్కువగా, ఎరుపును అన్నిటికంటే తక్కువగా పీల్చుకుంటుంది. అందుకే కమిలిన చర్మం ఉత్తినే నల్లబడదు, గోధుమరంగులోకి తిరుగుతుంది. నేను మొదట చేసిన పొరపాటు ఇదే. నలుపు బ్రష్ మూడు రంగుల్నీ దాదాపు ఒకే లెక్కన తగ్గించింది. మెలనిన్ అలా తగ్గించదు.

ఇక గీతలు, రంధ్రాలు. ఇవి మెలనిన్ వల్ల వచ్చేవి కావు. చర్మం ఉపరితలంలోని ఎత్తుపల్లాల మీద వెలుగు మెరుస్తుంది, గుంటల్లో చిన్న చిన్న నీడలు పడతాయి. ఆ మెరుపునీడల్నే మనం టెక్స్చర్ అంటాం. వాచీ కిందా అవే గీతలు ఉన్నాయి, అదే నూగు ఉంది. కాబట్టి వేరే చోటి చర్మం తెచ్చి అక్కడ అతికించాల్సిన అవసరమే లేదు. ఉన్న చర్మం మీదే ఆ గోధుమరంగు గాజుపొరను మళ్ళీ పరిస్తే సరిపోతుంది.

గాజుపొర తనమీద పడిన వెలుగులో ఇంత వంతు మాత్రమే పోనిస్తుంది. అంటే అది చేసేది గుణకారం. ఈ మాట పట్టుకుంటే మిగతాదంతా లెక్కే.

ఫోటో ఫైల్లో ప్రతి చోటా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 255 దాకా అంకెల్లో ఉంటుంది. ఆ ఫోటోలో కొలతలు ఇలా ఉన్నాయి. చార లోపల ఎరుపు 196, ఆకుపచ్చ 158, నీలం 134. చార దాటగానే కమిలిన చర్మం మీద 168, 120, 92. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎరుపుకు 0.86, ఆకుపచ్చకు 0.76, నీలానికి 0.69 వస్తాయి. మెలనిన్ గురించి పైన చెప్పిన వరసే ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. ఎరుపు కొద్దిగా తగ్గింది, నీలం బాగా తగ్గింది. మూడింటినీ ఒకేలా 0.77తో గుణిస్తే 151, 122, 103 వచ్చేది. వెలుగు దాదాపు సరిపోయేది గానీ ఎరుపుకూ నీలానికీ మధ్య తేడా 76 ఉండాల్సింది 48 దగ్గరే ఆగిపోయేది. నాకు కనిపించిన బూడిదరంగు ఆ లోటే.

ఫోటోషాప్‌లో ఈ గుణకారానికి ప్రత్యేకంగా ఏ ప్లగిన్నూ అక్కర్లేదు. పై మూడు వంతుల్నీ 255తో గుణిస్తే ఒక రంగు వస్తుంది. ఇక్కడ 219, 194, 175, అంటే లేత గోధుమరంగు. ఆ రంగుతో ఒక Solid Color లేయర్ వేసి, దాని మోడ్‌ను Multiply కి మార్చాలి. ఆ లేయర్ ఎక్కడ కనిపించాలో చెప్పే లేయర్ మాస్క్‌ను పూర్తిగా నలుపు చేసి, చార మీద మాత్రమే మెత్తటి బ్రష్‌తో తెలుపు పూయాలి. పూసిన మేర చార 168, 120, 92 కి దిగివస్తుంది. కింద ఉన్న ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా మారదు.

తీసివేత కాకుండా గుణకారమే ఎందుకంటే, మణికట్టు గుండ్రంగా ఉంటుంది. ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ. నీడ వైపు చార 98, 79, 67 ఉందనుకోండి. వెలుగు వైపు తేడాను చూసి నీలంలోంచి 42 తీసేస్తే ఇక్కడ 25 మిగులుతుంది. కానీ ఉండాల్సింది 46. నీడ వైపు చార మసిబారిపోతుంది. అదే 0.69తో గుణిస్తే 46 సరిగ్గా వస్తుంది. వెలుగు తగ్గి చార మీది అంకె సగమైతే పక్కనున్న కమిలిన చర్మం మీది అంకె కూడా సగమవుతుంది, వంతు మాత్రం మారదు. గీతలకూ ఇదే వర్తిస్తుంది. ఒక రంధ్రం తన పక్క చర్మం కంటే పదోవంతు ముదురుగా ఉంటే, గుణించాక కూడా పదోవంతే ముదురుగా ఉంటుంది. టెక్స్చర్ చెడకపోవడానికి కారణం ఇదే. ఫైల్లో రాసే అంకెలు నేరుగా వెలుగు కొలతలు కావు, వాటిని ఒక ఘాతం ప్రకారం కుదించి రాస్తారు. అయినా వంతులు వంతులుగానే నిలుస్తాయి కాబట్టి లెక్క చెడదు.

కొలత తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఐడ్రాపర్‌ను ఒక్క పిక్సెల్ మీద పెడితే అది రంధ్రం మీద పడొచ్చు, వెంట్రుక మీద పడొచ్చు. Sample Size లో 31 by 31 Average పెట్టుకుంటే చర్మపు సగటు రంగు దొరుకుతుంది. పెద్ద ఫోటో అయితే ఇంకా పెద్దది తీసుకోవచ్చు. రెండు కొలతలూ ఒకే వెలుగులో ఉండాలి. అందుకని మణికట్టు చుట్టూ జరగకుండా చెయ్యి పొడవునా జరగాలి. చార లోపల ఒకటి, అంచు దాటిన వెంటనే మోచేతి వైపు ఒకటి, అరచేతి వెనక వైపు ఒకటి కొలవాలి. ఆ చివరి రెండూ ఒకేలా ఉండవు, చాలామందికి చేతి వెనక భాగం ముంజేయి కంటే ముదురుగా ఉంటుంది. నేను వాటి సగటు తీసుకుని, ఆ కాస్త తేడాను మాస్క్ మీద బ్రష్ ఒత్తిడితో సర్దుతాను.

అసలు కష్టం అంచు దగ్గరే ఉంటుంది. వాచీ రోజంతా ఒకే చోట ఉండదు, పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. అందుకే చార అంచు కత్తితో గీసినట్టు కాకుండా కొన్ని మిల్లీమీటర్ల మేర మెల్లగా ముదురుతుంది. మాస్క్ అంచు కూడా సరిగ్గా అంతే మెత్తగా ఉండాలి. మాస్క్ ఎక్కువ బయటికి పోతే అప్పటికే కమిలిన చర్మం ఇంకోసారి ముదిరి చార పొడవునా ఒక నల్లగీత వస్తుంది. లోపలే ఆగిపోతే సన్నటి తెల్లగీత మిగులుతుంది. పూసేటప్పుడు Channels లో నీలాన్ని ఒక్కదాన్నే చూస్తే అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బాగా తెలుస్తుంది, ఎందుకంటే తేడా అందులోనే ఎక్కువ. అయిపోయాక పైన ఒక Curves లేయర్ వేసి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచి చూడండి. మామూలుగా కంటికి ఆనని గీత కూడా అప్పుడు బయటపడుతుంది. చూశాక ఆ లేయర్ తీసేయాలి.

అతికించే బ్రష్ సంగతి కూడా చెప్పాలి. 2002లో ఫోటోషాప్ 7తో వచ్చిన Healing Brush చాలా గొప్ప పనిముట్టు. మొటిమకు, గీతకు దాన్ని మించింది లేదు. అది ఒక చోటి టెక్స్చర్ తెచ్చి, పెట్టిన చోటి అంచుల రంగుకు తగ్గట్టు దాన్ని సర్దుతుంది. చిక్కు ఆ సర్దుబాటులోనే ఉంది. చార లోపల బ్రష్ పెడితే దాని అంచుల చుట్టూ ఉన్నది తెల్లచర్మమే, కాబట్టి తెచ్చిన ముదురు చర్మాన్ని కూడా తెల్లగా మార్చేస్తుంది. చార అంచు మీద పెడితే అటు రంగును ఇటు పులిమేస్తుంది. ఎన్నిసార్లు రుద్దితే టెక్స్చర్ అన్నిసార్లు చెదిరి నునుపవుతుంది. రంగు మొత్తం సరిచేశాక, పట్టీ నొక్కుకుపోయి మిగిలిన గాడి లాంటిది ఒకటి రెండు ఉంటే అప్పుడు ఈ బ్రష్ పట్టుకోవడం మంచిది. అవి ఎత్తుపల్లాలు, గుణకారంతో పోవు.

రంగును, టెక్స్చర్‌ను రెండు లేయర్లుగా విడగొట్టి పనిచేసే పద్ధతి కూడా చాలామంది వాడతారు. ఫోటోను మసకబరిచి ఒక లేయర్, మసకలో పోయిన వివరం ఇంకో లేయర్. మచ్చలకు బాగానే ఉంటుంది గానీ చారకు నేను వాడను. చార అంచు కొంత మసక లేయర్‌లో, కొంత వివరాల లేయర్‌లో చిక్కుకుంటుంది. మసక లేయర్ ఎంత సరిచేసినా రెండోదాంట్లో అంచు నీడలా మిగిలిపోతుంది.

గుణకారం ఓడిపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, చెమటో నూనో మెరిసే చోటు. ఆ మెరుపు ఉపరితలం నుంచే తిరిగొచ్చిన వెలుగు, మెలనిన్ దాకా వెళ్ళనే లేదు. దాన్ని కూడా గుణిస్తే మెరుపు మాసి నారింజరంగు పడుతుంది, చర్మానికి మట్టి పూసినట్టుంటుంది. అక్కడ మాస్క్‌ను సగానికి తగ్గించాలి. లేదా లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి Blend If లో Underlying Layer తెల్ల స్లయిడర్‌ను కొంచెం ఎడమకు జరిపి, Alt నొక్కి రెండుగా చీల్చితే మెరుపులు మెల్లగా తప్పుకుంటాయి. రెండోది, తెల్లచార మరీ వెలిగిపోయి ఎరుపు 255 దగ్గర ఆగిపోయిన ఫోటో. అక్కడ గీతల వివరం అసలు నమోదే కాలేదు. 255ను దేనితో గుణించినా చదునైన రంగే వస్తుంది. కెమెరా రా ఫైలు ఉంటే వెలుగు తగ్గించి మళ్ళీ తెరవాలి. లేకపోతే అక్కడ మాత్రం పక్క చర్మం అరువు తెచ్చుకోక తప్పదు.

మెడ మీది గొలుసు గీతకు, చొక్కా కాలర్ వదిలిన వీ ఆకారానికి కూడా ఇదే పని. కానీ చేతి అంకెలు మెడకు పనికిరావు. మెడ చర్మంలో మెలనిన్ తేడాతో పాటు రక్తపు ఎరుపు తేడా కూడా ఉండొచ్చు, ముఖ్యంగా ఈమధ్యే ఎండలో మాడి ఉంటే. రక్తం ఆకుపచ్చను గట్టిగా మింగుతుంది. మీరు కొలిచిన వంతుల్లో ఆకుపచ్చ నీలంతో సమానంగానో అంతకంటే కిందికో పడిపోతే అది ఎండమంట ఎరుపని గుర్తుపట్టొచ్చు. అప్పుడు చారను ఆ ఎరుపు దాకా లాగకూడదు. ముందు మంట ఎరుపును తగ్గించి, ఆ తరవాత కొత్తగా కొలిచి గుణించాలి. గడ్డం నీడ పడిన మేర కొలత తీసుకోవద్దు, అది నీడను కూడా చారలో కలిపేస్తుంది.

కొందరు చారను ముదురు చేసే బదులు చుట్టూ ఉన్న చేతినంతా చార రంగుకు తెల్లబరుస్తారు. నేనది చెయ్యను. ఆ చెయ్యి రంగు అది కాదు, ఫోటోలో ముఖం కూడా ఉంటే దానితో కలవదు. స్నేహితురాలికి పంపిన ఫోటోలో చెయ్యి తన చెయ్యిలాగే ఉంది. చార ఉన్న చోట నూగు, అడ్డగీతలు, మణికట్టు ఎముక దగ్గర ఒక చిన్న పుట్టుమచ్చ అన్నీ అలాగే ఉన్నాయి. ఆ పుట్టుమచ్చ ఇన్నాళ్ళూ వాచీ కిందే ఉండేదట.