సర్వో డ్రైవ్‌లో మూడు లూప్‌లు: ‘పది రెట్ల తేడా’ చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

సర్వో డ్రైవ్ లోపల మూడు లూప్‌లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. అన్నిటికన్నా లోపల కరెంట్ లూప్, దాని చుట్టూ స్పీడ్ లూప్, బయట పొజిషన్ లూప్. బయటిది లోపలిదానికి లక్ష్యం ఇస్తుంది, లోపలిది ఆ లక్ష్యాన్ని వెంటనే అందుకుంటుందని నమ్ముకుంటుంది. నిజానికి లోపలిది ఎప్పుడూ కొంత ఆలస్యంగానే అందుకుంటుంది. బ్యాండ్‌విడ్త్‌ల మధ్య, అంటే లూప్‌ల స్పందన వేగాల మధ్య, ఎంత తేడా ఉండాలన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. లోపలిది బయటిదానికన్నా పది రెట్లు వేగంగా ఉండాలన్నది పాత నియమం.

లెక్కలన్నీ ఒకే మోటారు మీద చేద్దాం. 400 వాట్ల తరగతి ఏసీ సర్వో అనుకోండి. ఫేజ్ నిరోధం 1.2 ఓంలు, ఇండక్టెన్స్ 4 మిల్లీహెన్రీలు, టార్క్ స్థిరాంకం ఆంపియర్‌కు 0.5 న్యూటన్ మీటర్. లోడుతో కలిపి మొత్తం ఇనర్షియా 0.0002 కిలోగ్రామ్ చదరపు మీటర్లు. పీడబ్ల్యూఎం 10 కిలోహెర్ట్జ్.

అపోహ: కరెంట్ లూప్ ఎంత వేగంగా ఉంటే అంత మంచిది

వాస్తవం: దాని వేగానికి హద్దు పెట్టేది మోటారు కాదు, డిజిటల్ ఆలస్యం. కరెంటును శాంపిల్ చేసి, లెక్క కట్టి, తర్వాతి పీడబ్ల్యూఎం చక్రంలో వోల్టేజీ పెట్టేసరికి మొత్తం మీద ఒకటిన్నర చక్రం గడిచిపోతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది 150 మైక్రోసెకన్లు.

పీఐ గెయిన్‌లను ఇండక్టెన్స్, నిరోధాలను బట్టి పెడితే మోటారు సొంత టైమ్ కాన్‌స్టంట్ లెక్కలోంచి తప్పుకుంటుంది. ఇక మిగిలేది ఒక ఇంటిగ్రేటర్, ఈ ఆలస్యం మాత్రమే.

```
Kp = L * wc
Ki = R * wc
PM = 90 - 360 * fc * Td
```

ఇక్కడ `fc` కరెంట్ లూప్ బ్యాండ్‌విడ్త్, `wc` అంటే 2π రెట్ల `fc`, `Td` పైన చెప్పిన ఆలస్యం, `PM` ఫేజ్ మార్జిన్. 500 హెర్ట్జ్ ఎంచుకుంటే `Kp` 12.6, `Ki` 3770 వస్తాయి. ఆలస్యం 27 డిగ్రీలు తినేస్తుంది, ఫేజ్ మార్జిన్ 63 మిగులుతుంది. స్టెప్ ఇస్తే కరెంట్ కుదురుగా వెళ్లి కూర్చుంటుంది. ఆశపడి 1 కిలోహెర్ట్జ్ పెడితే ఆలస్యం 54 డిగ్రీలు తింటుంది, మార్జిన్ 36కి పడిపోతుంది. కరెంట్ లక్ష్యాన్ని దాటి ఊగుతుంది, సెన్సార్ నాయిస్ రెట్టింపై వోల్టేజీలోకి వస్తుంది. మోటారు నిలబడి ఉన్నప్పుడే సన్నగా ఈల వినిపిస్తుంది. అంతకన్నా వేగం కావాలంటే ముందు ఆలస్యం తగ్గాలి: పీడబ్ల్యూఎం పౌనఃపున్యం పెంచాలి, లేదా చక్రానికి రెండుసార్లు శాంపిల్ చేసి అప్‌డేట్ చేయాలి.

పరీక్షకు స్టెప్ చిన్నది ఇవ్వండి, రేటెడ్ కరెంటులో పదో వంతు చాలు. పెద్ద స్టెప్‌లో వోల్టేజీ హద్దుకు తగిలితే స్కోపు మీద కనిపించేది బస్ వోల్టేజీ బలమే తప్ప లూప్ బ్యాండ్‌విడ్త్ కాదు. అదే కారణంగా, బ్యాక్ ఈఎంఎఫ్ పెరిగి వోల్టేజీ మిగులు తగ్గే అధిక వేగాల్లో ఇదే కరెంట్ లూప్ నెమ్మదిస్తుంది.

అపోహ: లోపలి లూప్ కనీసం ఐదు రెట్లు వేగంగా ఉంటే స్పీడ్ లూప్‌కు ఢోకా లేదు

వాస్తవం: ‘ఐదు రెట్లు’, ‘పది రెట్లు’ అనే మాటలు కరెంట్ లూప్ ఒక్కదాన్నే చూస్తాయి. స్పీడ్ లూప్‌లో ఫేజ్‌ని తినేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. ఇంటి జమాఖర్చులా రాసుకుంటేనే సంగతి తెలుస్తుంది.

కరెంట్ లూప్ 500 హెర్ట్జ్, స్పీడ్ లూప్ 100 హెర్ట్జ్ అనుకుందాం. తేడా సరిగ్గా ఐదు రెట్లు. ఎన్‌కోడర్ చుట్టుకు 10,000 కౌంట్లు, స్పీడ్ లూప్ మిల్లీసెకనుకోసారి నడుస్తుంది, వేగం సిగ్నల్ మీద 200 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంది. మొదట చేతిలో 90 డిగ్రీలు. కరెంట్ లూప్ ఆలస్యానికి 11 పోయాయి. పీఐ జీరోను బ్యాండ్‌విడ్త్‌లో ఐదో వంతు దగ్గర, అంటే 20 హెర్ట్జ్ వద్ద పెడితే ఇంకో 11. కౌంట్ల తేడా నుంచి వేగం లెక్కకట్టడంలో అర మిల్లీసెకను ఆలస్యం ఉంది, దానికి 18. ఇచ్చిన ఆదేశం తర్వాతి లెక్క దాకా కదలకుండా ఉంటుంది కాబట్టి మరో 18. ఫిల్టర్‌కు 27. మొత్తం ఖర్చు 85. మిగిలింది 5 డిగ్రీలు.

ఐదు రెట్ల నియమం అక్షరాలా పాటించినా ఈ లూప్ గుర్రుమంటుంది. ఖర్చులో కరెంట్ లూప్ వాటా 11 డిగ్రీలే అని గమనించండి. దాన్ని రెండింతల వేగం చేసినా దక్కేది 5, 6 డిగ్రీలు. ఇలాంటి చోట చాలామంది కరెంట్ లూప్ గెయిన్ పెంచడం మొదలుపెడతారు, అసలు దొంగలు మాత్రం శాంపిల్ కాలం, ఫిల్టర్.

స్పీడ్ లూప్‌ను 250 మైక్రోసెకన్లకు మార్చి, ఫిల్టర్‌ను 400 హెర్ట్జ్‌కు తెస్తే ఖర్చు 11.3, 11.3, 4.5, 4.5, 14 అవుతుంది. మిగిలేది 44 డిగ్రీలు. కరెంట్ లూప్‌ను ముట్టుకోకుండానే వాడుకోదగ్గ లూప్ వచ్చింది.

అయితే దీనికి ధర ఉంది. 10,000 కౌంట్ల ఎన్‌కోడర్‌లో ఒక్క కౌంటు తేడా, మిల్లీసెకను శాంపిల్‌లో నిమిషానికి 6 చుట్లు చూపిస్తుంది. 250 మైక్రోసెకన్లలో అదే 24 చుట్లు. `J` ఇనర్షియా, `Kt` టార్క్ స్థిరాంకం, `ws` అంటే 2π రెట్ల స్పీడ్ లూప్ బ్యాండ్‌విడ్త్ అనుకుంటే స్పీడ్ గెయిన్ లెక్క ఇది:

```
Kps = J * ws / Kt
```

100 హెర్ట్జ్‌కు ఇది 0.25 ఆంపియర్లు, ప్రతి రేడియన్/సెకనుకు. అంటే ఫిల్టర్‌కు ముందు ఒక్క కౌంటు గెంతు 0.6 ఆంపియర్ల ఆదేశం అవుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు మోటారు గరగరలాడేది ఇందుకే. చుట్టుకు 1,31,072 కౌంట్లు ఇచ్చే 17 బిట్ ఎన్‌కోడర్ పెడితే ఆ గెంతు 0.05 ఆంపియర్లకు తగ్గుతుంది. స్పీడ్ లూప్ బ్యాండ్‌విడ్త్ కావాలంటే ముందు ఎన్‌కోడర్ మీద ఖర్చు పెట్టమనేది అందుకే. యంత్రం రెజొనెన్స్ కోసం పెట్టే నాచ్ ఫిల్టర్ కూడా తన పౌనఃపున్యానికి కింద ఫేజ్ తింటుంది, దాన్నీ ఇదే ఖాతాలో రాయాలి.

శాంపిల్ కాలం, ఫిల్టర్ మార్చే వీలు లేకపోతే స్పీడ్ లూప్‌ను 50 హెర్ట్జ్‌కు దించండి, జీరోను 10కి. అప్పుడు మిల్లీసెకను లూప్‌తోనే 41 డిగ్రీలు మిగులుతాయి. తేడా సరిగ్గా పది రెట్లు! పాత నియమం ఎందుకు పనిచేస్తున్నట్టు కనిపిస్తుందో దీంతో అర్థమవుతుంది: మనం లెక్కలో రాయని ఖర్చులన్నిటికీ అది దొడ్డిదారిన చోటు ఇస్తోంది.

అపోహ: స్పీడ్ స్టెప్‌లో ఓవర్‌షూట్ కనిపిస్తే ట్యూనింగ్ తప్పినట్టే

వాస్తవం: పీఐ జీరో ఉన్నంత వరకు కొంత ఓవర్‌షూట్ తప్పదు. ఆలస్యాలేవీ లేని ఆదర్శ లూప్‌లో కూడా, జీరో ఐదో వంతు దగ్గర ఉంటే దాదాపు 12 శాతం వస్తుంది. చూడాల్సింది ఎన్నిసార్లు ఊగిందని. ఒకసారి దాటి మెల్లగా దిగితే అది జీరో పని. మూడు నాలుగుసార్లు ఊగితే ఫేజ్ మార్జిన్ లేనట్టు.

ఓవర్‌షూట్ పోగొట్టడానికి స్పీడ్ ఆదేశం మీద లోపాస్ ఫిల్టర్ పెడతారు. డ్రైవ్ స్పీడ్ మోడ్‌లో నడుస్తుంటే అది మంచి పద్ధతే. పొజిషన్ మోడ్‌లో మాత్రం అదే ఫిల్టర్ పొజిషన్ లూప్ లోపలికి వచ్చి కూర్చుంటుంది. 50 హెర్ట్జ్ స్పీడ్ లూప్‌కు 10 హెర్ట్జ్ ఆదేశ ఫిల్టర్ పెడితే, ఆదర్శ లెక్కలో 80 డిగ్రీల దగ్గరున్న పొజిషన్ మార్జిన్ 40కి పడిపోతుంది. మోడ్ మార్చాక యంత్రం ఊగడం మొదలైతే ముందు ఆ పారామీటర్ తెరిచి చూడండి.

అపోహ: పొజిషన్ లూప్‌కూ స్పీడ్ లూప్‌కూ మధ్య కూడా పది రెట్లు ఉండాలి

వాస్తవం: నాలుగు రెట్లు చాలు, దానికి కారణం కూడా తేలికే. స్పీడ్ లూప్‌ను ఒక సాధారణ లాగ్‌గా తీసుకుని, పొజిషన్ లూప్ గెయిన్‌ను `Kv` అంటే డ్యాంపింగ్ ఇలా వస్తుంది:

```
zeta = 0.5 * sqrt(ws / Kv)
```

నిష్పత్తి 4 అయితే డ్యాంపింగ్ 1, పొజిషన్‌లో ఓవర్‌షూట్ ఉండదు. 2 అయితే 0.7, కొద్దిగా దాటుతుంది. టూల్ ఒక్కసారి దాటినా పని ముక్క పాడవుతుంది కాబట్టి మెషిన్ టూల్స్‌లో 4కి దిగువకు పోరు. 50 హెర్ట్జ్ స్పీడ్ లూప్ అంటే సెకనుకు 314 రేడియన్లు, కాబట్టి `Kv` 78 పెట్టవచ్చు. పది రెట్ల నియమం ప్రకారం పోతే అది 31కి దిగుతుంది. నిమిషానికి 10 మీటర్ల ఫీడ్‌లో వెనకబాటు 2.1 మిల్లీమీటర్లకు బదులు 5.3 అవుతుంది. ఫీడ్‌ఫార్వర్డ్‌తో ఆ వెనకబాటు చాలావరకు పోతుంది గానీ, కోత బలానికి యాక్సిస్ ఎంత గట్టిగా నిలబడుతుందనేది మాత్రం గెయిన్‌లే తేల్చాలి.

అపోహ: పొజిషన్ ఊగుతుంటే ఏదో ఒక గెయిన్ తగ్గించడమే మందు

వాస్తవం: కొన్నిసార్లు స్పీడ్ గెయిన్ పెంచడమే మందు. మన ఉదాహరణలో బల్ల మీద బరువైన ఫిక్చర్ పెట్టి ఇనర్షియా రెట్టింపైందనుకోండి. గెయిన్ మారలేదు కాబట్టి స్పీడ్ లూప్ 50 నుంచి 25 హెర్ట్జ్‌కు దిగింది. `Kv` 78 అలాగే ఉంది. నాలుగు రెట్ల తేడా రెండయింది, 10 హెర్ట్జ్ జీరో కూడా మరీ దగ్గరికొచ్చింది. యాక్సిస్ ఆగేచోట సెకనుకు పది పదిహేను సార్లు ఊగుతుంది. ఇక్కడ స్పీడ్ గెయిన్ తగ్గిస్తే ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఇనర్షియా ఎంత పెరిగిందో స్పీడ్ గెయిన్ అంతే పెంచితే పాత తేడా తిరిగి వస్తుంది. దీనికి తిరగేసిన కేసు కప్లింగ్ విప్పిన మోటారు: ఉత్త రోటర్ ఇనర్షియా 0.00003 అయితే అదే గెయిన్‌తో స్పీడ్ లూప్ 330 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది, కీచుమంటుంది. మోటారు చెడిపోయిందనుకుని మార్చేస్తారు.

ఏ లూప్ ఊగుతోందో శబ్దమే చాలావరకు చెబుతుంది. కంటికి కనిపించే ఊపు, 20 హెర్ట్జ్ లోపు ఉంటే, పొజిషన్ లూప్‌ది. గుర్రుమనే శబ్దం స్పీడ్ లూప్‌ది, స్పీడ్ గెయిన్ సగం చేయగానే ఆగుతుంది. కొన్ని వందల హెర్ట్జ్ ఈల ఏ లూప్‌దో అనుమానంగా ఉంటే, బయటి లూప్‌లు రెండూ ఆపేసి, రోటర్ తిరగని డీ యాక్సిస్‌లో చిన్న కరెంట్ స్టెప్ ఇవ్వండి. అప్పుడూ ఈల వస్తే కరెంట్ లూప్‌ది, రాకపోతే స్పీడ్ లూప్ జమాఖర్చు మళ్లీ తిరగేయాలి.