జారిన అంగీ, దాచిన సాధన: స్ప్రెజ్జతూరా నేపథ్యం

ఇటలీలోని ఉర్బీనో కొండనగరంలో 1507 మార్చిలో, వరుసగా నాలుగు రాత్రులు, డచెస్ ఎలిసబెత్తా గొంజాగా సమక్షంలో ఒక గోష్ఠి జరిగినట్టు ఆ ఆస్థానంలో పనిచేసిన రచయిత బల్దస్సారే కాస్టిల్యోనే రాశాడు. వ్యాధితో బాధపడే డ్యూక్ గ్విదోబాల్దో పెందలాడే పడకగదికి వెళ్లిపోయేవాడు. మిగిలినవారు డచెస్ చుట్టూ చేరి, ఆదర్శప్రాయుడైన ఆస్థానికుడు ఎలా ఉండాలన్న విషయంపై పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవారు. ఆ సంభాషణల రూపంలో సాగే గ్రంథమే 1528లో వెనిస్ నగరంలో అచ్చయిన ‘ఇల్ లిబ్రో దెల్ కొర్తెజానో’, అంటే ‘ఆస్థానికుని గ్రంథం’. స్ప్రెజ్జతూరా అనే ఇటాలియన్ మాటకు ఇప్పుడున్న అర్థం, అంటే సాధనను దాచి పనిని అలవోకగా చేస్తున్నట్టు కనిపించడం అన్న అర్థం, వచ్చింది అందులోనే. పైకి నిర్లక్ష్యంలా కనిపించినా, అదీ నిర్లక్ష్యమూ ఒకటి కావు.

ఆ మాట ఒక ఇబ్బందికరమైన ప్రశ్నకు జవాబుగా వచ్చింది. ఆస్థానికుడికి అన్నిటికంటే ముఖ్యంగా ఉండవలసింది సొగసు అని కౌంట్ లుదోవికో దా కనోస్సా అన్నప్పుడు, పుట్టుకతో ఆ సొగసు అబ్బనివారు దాన్ని ఏ సాధనతో, ఏ పద్ధతిలో సంపాదించుకోవాలో చెప్పమని చేజారే గొంజాగా అడిగాడు. కౌంట్ మొదట మంచి గురువుల దగ్గర చిన్ననాటి నుంచే నేర్చుకోవాలని చెప్పి, తర్వాత అన్ని పనులకూ వర్తించే సూత్రం ఒకటి ఉందన్నాడు: కృత్రిమతను ప్రమాదకరమైన బండరాయిని తప్పించుకున్నట్టు తప్పించుకోవాలి, బహుశా ఇది కొత్త మాటేమో గానీ, ప్రతి పనిలోనూ ఒక స్ప్రెజ్జతూరా చూపాలి, అది కళను దాచి, చేసేదీ పలికేదీ శ్రమ లేకుండా, దాదాపు ఆలోచనే లేకుండా జరిగిపోతున్నట్టు కనిపింపజేయాలి. ఇక్కడ ‘దాచి’ అన్నదే కీలకం. దాచడానికి ముందుగా ఒక విద్య చేతిలో ఉండాలి, దాని వెనుక ఏళ్ల సాధన ఉండాలి. నిర్లక్ష్యానికి దాచుకోవలసిన సాధన ఏదీ లేదు.

ఈ భావం పూర్తిగా కొత్తదేమీ కాదు. ప్రాచీన రోమన్ వక్త సిసిరో నిరాడంబర శైలిని వివరిస్తూ, శ్రద్ధతో కూడిన అశ్రద్ధ అనేది కూడా ఒకటుందనీ, నగలు పెట్టుకోకపోవడం వల్లే కొందరు స్త్రీలు మరింత అందంగా కనిపించినట్టు మాటల్లోనూ జరుగుతుందనీ రాశాడు. వక్తృత్వానికి పరిమితమైన ఆ ఆలోచనను నాట్యం, ఆయుధ విద్య, సంగీతం, చిత్రలేఖనం, వస్త్రధారణ అన్నిటికీ విస్తరింపజేయడమే కాస్టిల్యోనే చేసిన కొత్త పని. అందుకు కారణం ఆ కాలపు ఆస్థాన జీవితంలోనే కనిపిస్తుంది. ఏలిక దయ మీద బతుకు ఆధారపడినవాడు తన విద్యను నిత్యం ప్రదర్శించక తప్పదు, కానీ మెప్పు కోసం ప్రాకులాడుతున్నట్టు కనిపించాడా, చులకనైపోతాడు.

నిర్లక్ష్యానికీ దీనికీ ఉన్న తేడా గురించిన తగువు కూడా ఆ గోష్ఠిలోనే మొదలైంది. గ్రంథంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఘట్టం అదే. కౌంట్ సూత్రం చెప్పీ చెప్పగానే బెర్నార్దో బిబ్బియేనా అడ్డుపడి, అలాగైతే మన ఆస్థానంలోని రొబెర్తోకు నాట్యంలో సాటి ప్రపంచంలోనే లేరన్నాడు. ఎందుకంటే తనకసలు నాట్యం మీద ధ్యాసే లేదని చూపించడానికి రొబెర్తో భుజాల మీది అంగీని తరచూ జారిపోనిచ్చేవాడు, కాళ్ల నుంచి చెప్పులు ఊడిపోయినా పట్టించుకునేవాడు కాదు, ఏదీ తీసుకోకుండానే ఆడుతూ ఉండేవాడు. దానికి కౌంట్ ఇచ్చిన సమాధానం సూటిగా ఉంది. అది అసలు స్ప్రెజ్జతూరా కాదు, అచ్చమైన కృత్రిమతే. పట్టించుకోవడం లేదని చూపడానికి అతను ఎంత పట్టుదలగా ప్రయత్నిస్తున్నాడో అందరికీ తెలిసిపోతూనే ఉంది, అదే అతిగా పట్టించుకోవడం. కళను దాచాలన్న ఉద్దేశానికి అది సరిగ్గా వ్యతిరేక ఫలితాన్నిస్తుంది. అక్కడితో ఆగక, జుట్టు చెదురుతుందన్న భయంతో తలను బిర్రుగా నిలిపేవాడినీ, టోపీ అడుగున అద్దం, చేతి మడతలో దువ్వెన పెట్టుకుని, స్పంజీ, బ్రష్షు పట్టుకున్న కుర్రవాడిని వెంట తిప్పుకునేవాడినీ కూడా కౌంట్ రొబెర్తో సరసనే నిలబెట్టాడు.

అతిగా ముస్తాబయ్యేవాడూ, అతిగా చెదిరి కనిపించాలనుకునేవాడూ ఒకే తప్పు చేస్తున్నారని దీని అర్థం. ఇద్దరి విషయంలోనూ చూసేవారి దృష్టి పని మీద నిలవదు, చేసేవాడి తాపత్రయం మీదికి పోతుంది. అసలైన నిర్లక్ష్యం ఈ రెండింటికీ భిన్నమైనది: అందులో ప్రదర్శనా ఉండదు, శ్రద్ధా ఉండదు, కాబట్టి దెబ్బ పని మీదే పడుతుంది. అడుగులు రానివాడు తాళం తప్పుతాడు. రొబెర్తో మాత్రం తాళం తప్పాడని ఎవరూ అనలేదు. స్ప్రెజ్జతూరా ఉన్నచోట తాళం తప్పదు, చెప్పూ ఊడదు; ఊడకుండా ఉండడానికి పడిన జాగ్రత్త మాత్రం ఎవరి కంటా పడదు.

గ్రంథకర్త తన రచన విషయంలోనూ ఇదే పాటించాడు. డ్యూక్ మరణానంతరం కొద్ది రోజుల్లోనే ఈ గ్రంథాన్ని రాశానని అంకితలేఖలో చెప్పుకున్నాడు. డ్యూక్ చనిపోయింది 1508లో, గ్రంథం అచ్చయింది 1528లో. మధ్యకాలంలో ఆయన దాన్ని పదేపదే తిరగరాశాడని నేటికీ మిగిలి ఉన్న చేతిరాత ప్రతులు చెబుతున్నాయి.

గ్రంథం ఇటలీ దాటాక అర్థం కొంత పక్కకు జరిగింది. 1561లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన థామస్ హోబీ ఈ మాటకు ‘రెక్‌లెస్‌నెస్’ అని రాశాడు. కళను కప్పిపుచ్చడానికి అన్న షరతును ఆయన వదిలిపెట్టలేదు గానీ, ఆ మాట ఒక్కటే విన్నవారికి లెక్కలేనితనమే స్ఫురిస్తుంది.

సంగీతకారులు మాత్రం షరతును గట్టిగా పట్టుకున్నారు. ఫ్లోరెన్స్ గాయకుడు జూలియో కాచ్చీని 1602 నాటి తన గీతసంపుటి ముందుమాటలో, పాటలో మాట్లాడుతున్నంత సహజత్వం తేవడానికి ‘ఉదాత్తమైన ఒక స్ప్రెజ్జతూరా’ను వాడానని రాశాడు. కింది మంద్ర స్వరం కదలకుండా నిలిచి ఉంటే, పై గొంతు అప్పుడప్పుడు దానితో పొసగని స్వరాల మీదుగా సాగిపోతుంది. వినేవారికి గాయకుడు స్వరాన్ని పట్టించుకోకుండా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఏ స్వరం దగ్గర వదలాలో, ఎక్కడ తిరిగి కలవాలో మాత్రం అతనికి కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ లెక్క తెలియనివాడు అవే స్వరాలు పాడితే అపశ్రుతి అవుతుంది.

ఈ రోజుల్లో ఈ మాట ఎక్కువగా మగవారి వస్త్రధారణ గురించిన చర్చల్లో వినిపిస్తోంది. అందరూ చెప్పే ఉదాహరణ ఫియట్ కార్ల సంస్థకు ఒకప్పటి అధిపతి జాన్ని అన్యెల్లీ: చేతిగడియారాన్ని చొక్కా చేతిపట్టీ మీదుగా కట్టుకునేవాడు, కాలరు కొసల గుండీలు పెట్టుకునేవాడు కాదు. ఆయన సూట్లు కరచేనీ దర్జీల చేతిలో, కొలతలు తీసుకుని కుట్టినవి. భుజం దగ్గర గుడ్డ ఎక్కడా ముడత పడని ఆ కుట్టుపని వల్లే గుండీ లేని కాలరు పొరపాటుగా కాక ఇష్టపూర్వకమైన ఎంపికగా కనిపించింది. ఒంటికి అమరని కోటు మీద అదే కాలరును అనుకరిస్తే, చూసేవారికి గుండీ పెట్టుకోవడం మరిచిపోయిన మనిషే కనిపిస్తాడు. కోటు చక్కగా అమరినా గుండీ, గడియారం, టై ముడి అన్నీ ఒకేసారి చెదరగొట్టుకున్నవాడు రొబెర్తో పక్కకు చేరతాడు.